మిగతావన్నీ మూడేసి సార్లు, ఒక్కటి మాత్రం ఒక్కసారే: బిట్లు లెక్కపెట్టి పట్టుకునే పద్ధతి

ప్రశ్న: లీట్‌కోడ్‌లో 137వ ప్రాబ్లం చేస్తున్నాను. లిస్టులో ఒక సంఖ్య తప్ప మిగతావన్నీ మూడేసి సార్లు ఉంటాయి, ఆ ఒక్కదాన్ని కనిపెట్టాలి. ఎక్సార్ వాడితే రాలేదు. ప్రతి బిట్ స్థానంలో ఒకట్లు లెక్కపెట్టి మూడుతో భాగించమని ఫ్రెండ్ చెబితే కింది కోడ్ రాశాను. పాజిటివ్ సంఖ్యలకి సరిగ్గా వస్తోంది కానీ ఎందుకు వస్తోందో నాకు అర్థం కాలేదు. `[7, 7, -3, 7]` ఇస్తే మాత్రం -3 బదులు 4294967293 అని వస్తోంది. ఎల్లుండి ఇంటర్వ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది. తప్పెక్కడుంది?

```python
def single(nums):
    ans = 0
    for i in range(32):
        cnt = 0
        for x in nums:
            cnt += (x >> i) & 1
        if cnt % 3:
            ans |= 1 << i
    return ans
```

సమాధానం:

మీ లెక్కింపులో తప్పేమీ లేదు. బిట్లన్నీ సరిగ్గానే దొరికాయి, ఆఖర్న `return` చేసే ముందు ఆ బిట్లను సంఖ్యగా చదవడంలోనే తేడా వచ్చింది. దాన్ని రెండు లైన్లలో సరిచేయొచ్చు. కానీ ఆ రెండు లైన్లు మాత్రమే చెబితే ఇంటర్వ్యూలో "ఎందుకు?" అని అడగగానే ఆగిపోతారు. అందుకే పద్ధతి దగ్గర్నుంచే మొదలుపెడతాను. అది అర్థమైతే మైనస్ సంఖ్యల సంగతి దానంతట అదే తేలిపోతుంది.

నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఈ లెక్కను కంప్యూటర్ మీద చెప్పను. గళ్ల నోటుబుక్కు తీయమంటాను. మీరూ ఒక కాగితం తీసుకోండి. `[13, 6, 13, 10, 6, 6, 13]` అనే లిస్టు తీసుకుందాం. 13 మూడుసార్లు, 6 మూడుసార్లు, 10 ఒక్కసారి ఉన్నాయి. ఒక్కో సంఖ్యనూ బైనరీలో ఒక్కో వరుసగా, గడికి ఒక బిట్ చొప్పున రాయండి. మామూలు లెక్కల్లో ఒకట్ల స్థానం, పదుల స్థానం, వందల స్థానం ఉన్నట్టే ఇక్కడ కుడి నుంచి ఎడమకు 1, 2, 4, 8 స్థానాలు ఉంటాయి.

```
        8  4  2  1
13      1  1  0  1
 6      0  1  1  0
13      1  1  0  1
10      1  0  1  0
 6      0  1  1  0
 6      0  1  1  0
13      1  1  0  1
------------------
మొత్తం   4  6  4  3
శేషం    1  0  1  0
```

ఇప్పుడు సంఖ్యల్ని అడ్డంగా చూడటం మానేసి ఒక్కో నిలువు వరుసను విడిగా చూడండి. 8 స్థానంలో నాలుగు ఒకట్లున్నాయి. ఎక్కడి నుంచి వచ్చాయి? 13లో ఆ స్థానంలో ఒకటి ఉంది, 13 మూడుసార్లు ఉంది కాబట్టి దాని వాటా మూడు. 6లో అక్కడ సున్నా ఉంది, దాని వాటా సున్నా. మిగిలిన ఆ ఒక్కటి 10ది. 4 స్థానంలో ఆరు ఒకట్లున్నాయి, అంటే 13 వాటా మూడు, 6 వాటా మూడు, 10 వాటా ఏమీ లేదు.

అసలు కిటుకంతా ఇదే. మూడుసార్లు ఉన్న ఏ సంఖ్య అయినా ఒక నిలువు వరుసకు ఇస్తే మూడు ఇస్తుంది, లేకపోతే అసలు ఇవ్వదు. ఒకటి, రెండు ఇవ్వడం దానివల్ల కాదు. కాబట్టి అలాంటి సంఖ్యలు పది ఉన్నా పదివేలు ఉన్నా, వాటన్నిటి వాటా కలిపితే ఏ వరుసలోనైనా మూడు గుణిజమే అవుతుంది. మూడుతో భాగిస్తే ఆ వాటా మొత్తం పోయి, ఒంటరి సంఖ్యకు ఆ స్థానంలో ఉన్న బిట్ ఒక్కటే శేషంగా మిగులుతుంది. పై పట్టికలో శేషాలు 1 0 1 0, అంటే 8 + 2 = 10.

ఒక జాగ్రత్త ఉంది. ఇది కూడిక కాదు. మామూలు కూడికలో ఒక స్థానంలో ఎక్కువైతే దాన్ని పక్క స్థానానికి మోసుకెళ్తాం. ఇక్కడ అలా మోయం. 4 స్థానంలో ఆరు వచ్చినా అది ఆ వరుసలోనే ఉంటుంది, అక్కడే దాన్ని మూడుతో భాగిస్తాం. వరుసల మధ్య ఏ సంబంధమూ లేకపోవడం వల్లే ఒక్కో బిట్‌నూ విడిగా తేల్చగలుగుతున్నాం.

మీకు ఎక్సార్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇదే పట్టిక చెబుతుంది. ఎక్సార్ చేసేదీ ఇదే పని, కాకపోతే రెండుతో భాగించిన శేషాన్ని తీస్తుంది. 4, 6, 4, 3లను రెండుతో భాగిస్తే శేషాలు 0 0 0 1, అంటే 1. ఈ లిస్టుకు ఎక్సార్ వేసి చూడండి, 1 వస్తుంది. అది లిస్టులోనే లేదు. మిగతావన్నీ రెండేసి సార్లు ఉన్న ప్రాబ్లంలో ఎక్సార్ సరిపోయింది, ఎందుకంటే అక్కడ ఒక్కో వాటా రెండు. ఇక్కడ వాటా మూడు కాబట్టి భాగించాల్సింది మూడుతో. అయిదేసి సార్లు ఉంటే అయిదుతో భాగిస్తాం.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న అడగాలి, అడిగితే నాకు చాలా సంతోషంగా ఉంటుంది. "బైనరీ దాకా ఎందుకు? మామూలు అంకెలతోనే పదుల స్థానంలో కూడి, ఒకట్ల స్థానంలో కూడి, మూడుతో భాగిస్తే రాదా?" రాదు. ఒంటరి సంఖ్య 47 అనుకోండి. పదుల స్థానంలో మూడేసి సార్లు ఉన్నవాటి వాటా పోయాక 4 మిగలాలి, కానీ 4ను మూడుతో భాగిస్తే శేషం 1. ఒకట్ల స్థానంలో 7 మిగలాలి, దాని శేషమూ 1. మనకు 11 కనిపిస్తుంది. అసలు అంకె 1, 4, 7లలో ఏదో శేషాన్ని చూసి చెప్పలేం. బిట్ విలువ 0 లేదా 1 మాత్రమే, రెండూ మూడుకంటే చిన్నవే. అందుకే భాగించినా అది చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. బిట్లు వాడటానికి అసలు కారణం ఇదే.

ఇప్పుడు మీ మైనస్ మూడు సంగతి.

మళ్లీ చిన్న ఉదాహరణే తీసుకుందాం. సంఖ్యకు నాలుగే బిట్లున్న యంత్రం ఒకటి ఉందనుకోండి. మైనస్ సంఖ్యల్ని దాచడానికి కంప్యూటర్లు వాడే పద్ధతిని టూస్ కాంప్లిమెంట్ అంటాం. దాన్ని "తిరగేసి ఒకటి కలపడం"గా బట్టీ పట్టిస్తారు కానీ, నాకు నచ్చిన వివరణ వేరే ఉంది. అన్నిటికంటే ఎడమవైపున్న స్థానం విలువను మైనస్‌గా తీసుకుంటాం, అంతే. నాలుగు బిట్లలో స్థానాల విలువలు 8, 4, 2, 1 కాకుండా -8, 4, 2, 1 అవుతాయి. అప్పుడు 1101 అంటే -8 + 4 + 1, అంటే -3. పై పట్టికలో అదే 1101ని మనం 13గా చదివాం. బిట్లు మారలేదు, ఎడమ చివరి స్థానం విలువ మారింది. రెండు చదువుల మధ్య తేడా సరిగ్గా 16.

మీ ప్రోగ్రాంలో జరిగింది ఇదే, కాకపోతే 32 బిట్లతో జరిగింది. `[7, 7, -3, 7]`లో 1 స్థానంలో నాలుగు ఒకట్లు, శేషం 1. 2 స్థానంలో మూడు ఏడులవి మూడు, -3ది సున్నా, శేషం 0. 4 స్థానంలో నాలుగు, శేషం 1. అక్కడి నుంచి పైన ఉన్న 29 స్థానాల్లోనూ -3 ఒక్కదానికే ఒకటి ఉంటుంది, శేషం 1. అంటే చివరి అంకెలు 101, పైనంతా ఒకట్లే. 32 బిట్లలో -3 అంటే సరిగ్గా ఇదే. మీరు దాన్ని పట్టుకున్నారు కూడా. కానీ `ans |= 1 << i` అన్నప్పుడు ఎడమ చివరి బిట్‌ను ప్లస్ 2147483648గా చేర్చారు. అది మైనస్‌గా చేరాలి. తేడా 2 × 2147483648 = 4294967296. 4294967293 నుంచి అంత తీసేస్తే -3.

```python
    if ans >= 1 << 31:
        ans -= 1 << 32
    return ans
```

జావాలో ఇదే కోడ్ రాసినవాళ్లకు ఈ ఇబ్బంది రాదు. అక్కడ `int`కు 32 బిట్లే ఉంటాయి, చివరిది గుర్తు బిట్ అని భాషకే తెలుసు. పైథాన్ సంఖ్యకు ఇన్ని బిట్లు అనే హద్దు లేదు. 31వ స్థానం మీద ఇంకా చాలా స్థానాలున్నాయన్నట్టే అది చూస్తుంది. కాబట్టి "నేను 32 బిట్లతో పనిచేస్తున్నాను" అని మనమే చెప్పాలి, ఆ రెండు లైన్లు చెప్పేది అదే.

మైనస్ సంఖ్యల దగ్గరే మరో రెండు పొరపాట్లు తరచుగా చూస్తుంటాను. మీరు చేయలేదు కానీ, కోడ్ మార్చేటప్పుడు అటు వెళ్లే ప్రమాదం ఉంది. ఒకటి, బిట్ల కోసం `bin(x)` వాడటం. `bin(-3)` ఇచ్చేది `'-0b11'`, అంటే 3 అనే సంఖ్య బిట్లకు ముందు ఒక గీత. అందులోని ఒకట్లు లెక్కపెడితే మీకు వచ్చేవి 3కు ఉండే బిట్లే, -3కు ఉండేవి కావు. అసలు బిట్లు కళ్లారా చూడాలంటే `format(-3 & 0xFFFFFFFF, '032b')` అని ప్రింట్ చేయండి, 01తో ముగిసే ఒకట్ల వరుస కనిపిస్తుంది. రెండోది, `range(32)` తీసేసి `while x:` అని పెట్టి లోపల `x >>= 1` చేయడం. మైనస్ సంఖ్యను కుడికి జరిపితే ఎడమ నుంచి ఒకట్లే వచ్చి చేరతాయి. -3 జరిగి -2 అవుతుంది, తర్వాత -1, ఆ తర్వాత ఎన్నిసార్లు జరిపినా -1గానే ఉంటుంది. లూప్ ఎప్పటికీ ఆగదు. ప్రోగ్రాం తప్పు జవాబు ఇవ్వకుండా ఊరికే వేలాడుతూ ఉంటే ముందు ఇక్కడ చూడండి.

జావా వాడేవాళ్లకు ఒక మాట. సంఖ్యలు `long` అయి, 64 స్థానాలు లెక్కపెడుతున్నప్పుడు `1 << i` అని రాస్తే ఆ 1 `int` కాబట్టి జరపాల్సిన సంఖ్యలో కింది అయిదు బిట్లనే తీసుకుంటుంది. `1 << 35` అంటే `1 << 3` అయిపోయి 8 వస్తుంది. ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పుతుంది. `1L << i` అని రాయాలి. చిన్న పాజిటివ్ సంఖ్యలతో టెస్ట్ చేస్తే ఈ తప్పు బయటపడదు.

మీ కోడ్‌లో `if cnt % 3:` అని రాశారు, మంచి పని చేశారు. చాలామంది దాన్ని కుదించి `ans |= (cnt % 3) << i` అని రాస్తారు. ఈ ప్రాబ్లం వరకు రెండూ ఒకటే. కానీ ఇంటర్వ్యూ చేసేవాళ్లు దీని తర్వాత ఇష్టంగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మిగతావన్నీ మూడుసార్లు, ఒక్కటి మాత్రం రెండుసార్లు ఉంటే?" అప్పుడు శేషం 0 లేదా 2 అవుతుంది. `[5, 5, 5, 6, 6]` మీద కుదించిన కోడ్ నడిపితే 6కు ఒకటి ఉన్న ప్రతి స్థానంలో 2 వచ్చి, అది పక్క స్థానంలో పడి, 6 బదులు 12 వస్తుంది. మీ `if` అయితే ఒక్క అక్షరం మార్చకుండా 6 ఇస్తుంది. ఆ మాట అక్కడ మీరే చెప్పండి.

ఈ పద్ధతికి ఉన్న హద్దు కూడా తెలిసుండాలి. ప్రశ్నలో ఇచ్చిన మాటను ఇది పూర్తిగా నమ్ముతుంది. ఆ మాట తప్పితే ఏదో ఒక సంఖ్యను చేతిలో పెట్టేస్తుంది, ఎక్కడా ఫిర్యాదు చేయదు. `[7, 7, 7, 4, 1]` ఇవ్వండి. ఒంటరి సంఖ్యలు రెండున్నాయి, 4లోని బిట్, 1లోని బిట్ కలిసి 5 వస్తుంది, లిస్టులో లేని 5. `[9, 9, 9, 9]` ఇస్తే 9 వస్తుంది, ఎందుకంటే నాలుగుసార్లు ఉన్నదానికీ ఒక్కసారి ఉన్నదానికీ శేషం ఒకటే. మొదటి లిస్టు పొడవు 5, మూడుతో భాగిస్తే శేషం 2 కాబట్టి పొడవు చూసే అనుమానించొచ్చు. రెండోదాని పొడవు 4, శేషం 1, పొడవు చూస్తే ఏమీ తెలియదు. అక్కడ `nums.count(ans)` ఎంతో చూస్తేనే 4 అని బయటపడుతుంది. పరీక్షలో ఇచ్చిన లిస్టుకు ఇవేవీ అక్కర్లేదు. ఆఫీసులో ఎక్కడి నుంచో వచ్చిన డేటా మీద అయితే నేను ఈ పద్ధతి వాడను, డిక్షనరీ పెట్టి ఏది ఎన్నిసార్లు వచ్చిందో మామూలుగా లెక్కపెడతాను. ఇది మెమరీ అదనంగా వాడకూడదన్న షరతు ఉన్నప్పుడు, డేటా మీద నమ్మకం ఉన్నప్పుడు పనికొచ్చే పద్ధతి.

మెమరీ మాట వచ్చింది కాబట్టి, మీ కోడ్ వాడేది ఒక్క `cnt`. బదులుగా లిస్టును 32 సార్లు చదువుతోంది. సంఖ్యలు ఒకదాని వెనక ఒకటి వస్తూ, మళ్లీ వెనక్కి వెళ్లి చదివే వీలు లేకపోతే లూపులు తిరగేసి, స్థానానికొకటి చొప్పున 32 కౌంటర్లు పెట్టుకోవాలి. అవి కూడా లిస్టు ఎంత పెద్దదైనా 32కు మించవు.

ఇక్కడి దాకా చెబితే చాలాచోట్ల సరిపోతుంది. ఇంకా తగ్గించమంటే చూపించడానికి ఇంకో మెట్టుంది. ఒక స్థానంలో మనకు నిజంగా కావాల్సింది మొత్తం ఎన్ని ఒకట్లన్నది కాదు, శేషం 0, 1, 2లలో ఏదన్నదే. మూడింటిలో ఒకటి గుర్తుంచుకోవడానికి రెండు బిట్లు చాలు. అన్ని స్థానాలకూ ఆ రెండేసి బిట్లను రెండు సంఖ్యల్లో పేర్చి పెట్టుకోవచ్చు. శేషం 1 ఉన్న స్థానాలు `ones`లో, శేషం 2 ఉన్న స్థానాలు `twos`లో.

```python
ones = twos = 0
for x in nums:
    ones = (ones ^ x) & ~twos
    twos = (twos ^ x) & ~ones
```

ఒక్క స్థానం మీద వేలు పెట్టి చూడండి. మొదట రెండూ 0. ఒక 1 వస్తే `ones` 1 అవుతుంది, రెండో లైన్‌లో `twos` కూడా లేవబోతుంది కానీ అప్పటికే `ones` 1గా ఉండటంతో ఆగిపోతుంది. రెండో 1 వస్తే `ones` 0కు పడిపోతుంది, ఇప్పుడు అడ్డు లేదు కాబట్టి `twos` 1 అవుతుంది. మూడో 1 వస్తే `ones` లేవబోతుంది, `twos` ఆపుతుంది. తర్వాత `twos` కూడా 0కు పడుతుంది. మళ్లీ మొదటికొచ్చాం. మీ `cnt % 3`నే ఇది అన్ని స్థానాల్లోనూ ఒకేసారి చేస్తోంది. చివర్లో జవాబు `ones`లో ఉంటుంది. పైథాన్‌లో ఇక్కడ గుర్తు సరిచేయాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే బిట్లను విడదీసి మనం మళ్లీ అతికించడం లేదు. మైనస్ సంఖ్యలు మైనస్‌గానే లోపలికి వెళ్లి, మైనస్‌గానే బయటికొస్తాయి.

కానీ ఆ రెండు లైన్లను కలిపి `ones, twos = ..., ...` అని ఒకే లైన్‌గా రాయకండి. అలా రాస్తే `twos` కొత్త `ones`ను కాకుండా పాతదాన్ని చూస్తుంది. మొదటి 1కే రెండూ లేస్తాయి, రెండో 1కి రెండూ పడిపోతాయి, మూడో 1కి మళ్లీ లేస్తాయి. రెండుతో భాగించినట్టు అవుతుంది. `[0, 5, 5, 5]` ఇచ్చి చూడండి, 0 రావాల్సిన చోట 5 వస్తుంది. అదే 0ని చివర పెట్టి `[5, 5, 5, 0]` ఇస్తే, లేచి ఉన్న `ones`, `twos` ఒకదాన్నొకటి తుడిచేసుకుని పొరపాటున సరైన 0 వచ్చేస్తుంది. ఒక్క టెస్ట్ పాసైందని వదిలేయకూడదని ఇందుకే అంటాను.

మీ కోడ్‌ను సరిచేశాక నడపాల్సిన లిస్టులు: పైన చెప్పిన 13, 6, 10ల లిస్టు, మీ -3 లిస్టు, `[0, 5, 5, 5]`, ఇంకా `[-2147483648, 2, 2, 2]`. ఆఖరిది తప్పకుండా నడపండి. అందులో ఒంటరి సంఖ్యకు ఎడమ చివరి బిట్ ఒక్కటే ఉంటుంది, `ans` సరిగ్గా 2147483648 దగ్గర ఆగుతుంది. `if ans >= 1 << 31` బదులు చెయ్యి జారి `>` అని రాసి ఉంటే, మిగతా మూడూ పాసై ఇదొక్కటే ప్లస్ గుర్తుతో వస్తుంది.